పాడ్‌కాస్ట్ యాప్‌లో ఆటో డౌన్‌లోడ్: రెండేళ్లు వాడాక

ఆటో డౌన్‌లోడ్ గురించి మొదట్లో కనపడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. పని మీద తరచూ అచ్చంపేట నుంచి శ్రీశైలం వెళ్తుంటాను. మన్ననూరు దాటి అడవిలో పడ్డాక సిగ్నల్‌ని నమ్ముకోలేం. రాత్రి ఇంట్లో వైఫై మీద కొత్త ఎపిసోడ్లు వాటంతటవే దిగిపోయి, పొద్దున బస్సెక్కేసరికి రెడీగా ఉండేవి. ఆ హాయి ఇప్పటికీ ఉంది. కాకపోతే ఈ యాప్ దించడంలో చూపించే చురుకు తీసేయడంలో చూపించదు. నా గొడవంతా దాని గురించే.

ఒకరోజు మందుల షాపులో డబ్బులు కడదామంటే బ్యాంకు యాప్ తెరుచుకోలేదు, అప్‌డేట్ చేస్తే గానీ కుదరదంది. అప్‌డేట్ కొడితే ఫోన్‌లో ఖాళీ లేదంది. వెనక జనం. నాది 64 జీబీ ఫోన్, ఫొటోలే తినేస్తున్నాయనుకుని పాత పెళ్లి వీడియోలు గబగబా తీసేశాను. అయినా ఒక్క ఎంబీ ఖాళీ కాలేదు. గ్యాలరీలో తీసేసినవి ముందు ట్రాష్‌లోకి పోతాయి, అక్కడ కొన్ని వారాలపాటు అంతే చోటు ఆక్రమించుకుని ఉంటాయి. ఆ టెన్షన్‌లో అది ఎవరికి గుర్తుంటుంది? జేబులో ఉన్న నోట్లు ఇచ్చి బయటపడ్డాను.

ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి, యాప్‌లను సైజు వరసలో పెట్టి చూస్తే అన్నిటికన్నా పైన పాడ్‌కాస్ట్ యాప్, 11 జీబీ! క్లియర్ కాష్ నొక్కితే పోయింది కొద్దిపాటి ఎంబీలే. డౌన్‌లోడ్లు కాష్‌లో ఉండవు, డేటా కింద ఉంటాయి. చోటు తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తాను కాష్‌ను తగ్గించుకుంటుంది గానీ డేటా జోలికి పోదు. పక్కనే ఉన్న క్లియర్ డేటా నొక్కితే మొత్తం ఖాళీ అవుతుంది, కానీ ఎక్కడిదాకా విన్నామన్న గుర్తులూ ఫాలో అవుతున్న షోలూ కూడా పోతాయి. అందుకే యాప్ లోపలికెళ్లి డౌన్‌లోడ్ల జాబితా చూశాను.

అక్కడ దొరికింది అసలు సంగతి. ‘విన్నవి తీసేయి’ అన్న సెట్టింగ్ ఆన్‌లోనే ఉంది. అయినా ఒక రోజువారీ షో ఎపిసోడ్లు నెలల తరబడి పేరుకుపోయాయి. ప్రతిదాని పక్కనా ‘2 నిమిషాలు మిగిలింది’ అని ఉంది. ఆ షో చివర్లో ఎప్పుడూ అదే ప్రకటన, అదే సబ్‌స్క్రైబ్ చేయమన్న బతిమలాట. అది రాగానే నేను తర్వాతి ఎపిసోడ్‌కి వెళ్లిపోతాను. యాప్ లెక్కలో అది వినడం పూర్తికానట్టే, కాబట్టి తీసేయదు. 128 కేబీపీఎస్‌లో గంట ఎపిసోడ్ దాదాపు 58 ఎంబీ. రోజుకొకటి చొప్పున ఆరు నెలలకు 10 జీబీ దాటుతుంది.

మందు కూడా ఆ యాప్‌లోనే ఉంది, మూడు మెనూల కింద. ఎన్ని సెకన్లు మిగిలితే విన్నట్టు లెక్కేయాలో మనమే చెప్పొచ్చు. అది పెంచాను. షోకి తాజా రెండు ఎపిసోడ్లే ఉంచమన్నాను. నేను వినేవి పది షోలు, అన్నీ గంటవే అనుకున్నా 1.2 జీబీకి మించదు.

ఈ పరిమితితోనూ ఒక చిక్కుంది. కొత్తది దిగితే పాతది పోతుంది, విన్నావా లేదా అని అడగదు. వార్తల షోకి అది సరిపోతుంది. వరసగా వినాల్సిన చరిత్ర సిరీస్‌కి మాత్రం ఆటో డౌన్‌లోడే ఆపేసి, కావాల్సినవి ప్రయాణానికి ముందు రోజు చేత్తో దించుకుంటున్నాను.

పనిలో పనిగా పాటల యాప్‌లో డౌన్‌లోడ్ నాణ్యతను 320 నుంచి 160కి తగ్గించాను. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ నుంచి 6కి వస్తుంది. బస్సు ఇంజన్ మోతలో నా చెవులకైతే తేడా తెలియలేదు. వీడియో యాప్‌లో తర్వాతి ఎపిసోడ్‌ను తనే దించుకునే ఆప్షన్ పూర్తిగా ఆపేశాను. సగంలో వదిలేసిన సీరియల్ అక్కడ జీబీల్లో కూర్చుంటుంది.

యాప్ మంచిదేనా అంటే, నాలా సిగ్నల్ లేని దారిలో తిరుగుతూ ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకి మంచిదే. రోజుకింత అని లెక్క ఉన్న మొబైల్ డేటా మీదే నడిపేవాళ్లు ‘వైఫైలో మాత్రమే’ పెట్టుకోకపోతే మధ్యాహ్నానికే డేటా అయిపోవచ్చు. మా బావగారి ఫోన్ 256 జీబీ, ఆయనకు నా సెట్టింగులన్నీ చాదస్తం. నేను మాత్రం అప్పుడప్పుడూ స్టోరేజ్‌లో ఈ యాప్ సైజు చూస్తుంటాను. ఒకటిన్నర జీబీ దాటిందంటే, కొత్తగా ఫాలో అయిన షోకి పరిమితి పడలేదని అర్థం.