ఒక్కరే మొత్తం చేయాలా, తలా ఒక పని పంచుకోవాలా? అగరబత్తీల వరస చెప్పే లెక్క

అయిదుగురు మనుషులు, ఒక గది, ఎనిమిది గంటల పని. అగరబత్తీలు చేయాలి. ప్రతి ఒక్కరూ ముద్ద కలుపుకోవడం నుంచి ప్యాకెట్ మూయడం దాకా అంతా తామే చేసుకుంటే మేలా? లేక ఒకరు కలుపుతూ, ఒకరు చుట్టుతూ, ఒకరు ప్యాక్ చేస్తూ వరసగా కూర్చుంటే మేలా? శ్రమ విభజన గురించి చదివినవాళ్లెవరైనా రెండోదే అని ఠక్కున చెప్పేస్తారు. నేనూ అలాగే అనేవాణ్ణి. కాగితం మీద లెక్క వేసి చూశాక ఆ ధీమా కొంచెం తగ్గింది.

ముందు పని ఏమిటో చూద్దాం. బొగ్గు పొడి, రంపపు పొట్టు, జిగట్ అనే చెట్టు బెరడు పొడి, వీటిని నీళ్లతో కలిపితే నల్లటి ముద్ద వస్తుంది. దాన్ని పీట మీద వెదురు పుల్ల చుట్టూ అరచేత్తో దొర్లించి చుట్టాలి. చుట్టినవాటిని పలచగా పరిచి ఆరబెట్టాలి. ఎండిన బత్తీని సువాసన నూనెలో ముంచి మళ్లీ ఆరనివ్వాలి. చివరికి లెక్కపెట్టి ప్యాక్ చేయాలి. మొత్తం అయిదు పనులు.

ఒక్క మనిషే అన్నీ చేస్తుంటే వెయ్యి బత్తీలకు పట్టే సమయం ఇలా ఉంటుందనుకుందాం: కలపడానికి 20 నిమిషాలు, చుట్టడానికి 130, పరచడానికీ తిప్పడానికీ 20, ముంచడానికి 20, ప్యాకింగ్‌కి 50. వెరసి 240 నిమిషాలు. అంటే ఎనిమిది గంటల్లో మనిషికి 2,000, అయిదుగురికి 10,000. ఇవి నేను లెక్క కోసం పెట్టుకున్న అంకెలు. ఒక్కో చోట మారతాయి గానీ, చుట్టుడే అన్నిటికంటే ఎక్కువ సమయం తింటుందన్నది మాత్రం చేత్తో చేసేచోట ఎక్కడైనా నిజమే.

ఇప్పుడు పని పంచుదాం. ఒకే పని రోజంతా చేస్తే చెయ్యి తిరుగుతుంది, ఒక పని నుంచి ఇంకో పనికి మారే సమయం మిగులుతుంది. ఈ మారే సమయాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ముద్ద కలిపిన చేతులు బొగ్గుతో నల్లగా ఉంటాయి, గోళ్ల సందుల్లో కూడా. ఆ చేతులతో ప్యాకెట్ ముట్టుకుంటే ముచ్చటైన అట్ట మీద నల్లటి వేలిముద్ర పడుతుంది. కాబట్టి కడుక్కోవాలి, తుడుచుకోవాలి, చెయ్యి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తడిచేత్తో పట్టుకుంటే ఎండిన బత్తి మళ్లీ మెత్తబడుతుంది. సువాసన నూనె అంటిన చెయ్యయితే ఇంకో రకం తంటా: తర్వాత ముట్టుకున్న ప్రతిదానికీ ఆ వాసనే.

ఇవన్నీ పోతే కలపడం 10, చుట్టడం 100, పరచడం 15, ముంచడం 15, ప్యాకింగ్ 40 నిమిషాలకు దిగాయనుకుందాం. మొత్తం 180. నాలుగింట ఒక వంతు సమయం ఆదా. బాగుంది.

అయిదు పనులు, అయిదుగురు మనుషులు. తలా ఒకటి ఇస్తే సరిపోయినట్టే కదా? ఇక్కడే బోల్తా పడతాం. చుట్టే మనిషి ఒక్కరే. ఆ ఒక్కరూ 100 నిమిషాలకు వెయ్యి చొప్పున రోజుకు 4,800 మాత్రమే చుట్టగలరు. తక్కినవాళ్లు ఎంత చురుకైనవాళ్లయినా వరస అంతకు మించి ఇవ్వదు. కలిపే మనిషికి 48 నిమిషాల్లో రోజు పని అయిపోతుంది, ఆ తర్వాత గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. విడివిడిగా చేస్తే 10,000 వచ్చేవి, శ్రమ విభజన అని పేరు పెట్టి పంచుకుంటే సగం కూడా రాలేదు.

తప్పు పంచడంలో లేదు, పనుల సంఖ్యను బట్టి మనుషుల్ని పంచడంలో ఉంది. సమయాన్ని బట్టి పంచాలి. చుట్టడానికి ముగ్గురు, ప్యాకింగ్‌కి ఒకరు, మిగిలిన మూడు పనులకూ కలిపి ఒకరు. ముగ్గురు చుట్టితే రోజుకు 14,400. ప్యాకింగ్ మనిషికి వెయ్యికి 40 నిమిషాలు కాబట్టి 12,000. అయిదో మనిషికి 10, 15, 15 కలిపి అవే 40, అక్కడా 12,000. వరస ఇచ్చేది 12,000. చుట్టేవాళ్లలో ఒకరు సాయంత్రం చివరి గంటా ముప్పావు చేతులు కడుక్కుని అటు ప్యాకింగ్‌కీ ఇటు ముంచడానికీ సాయం పడితే 13,300 దాకా లాగవచ్చు. రోజంతా అటూ ఇటూ మారితే కుదరదు. చేతులు కడగడం ఒక్కసారే ఉండాలి, లేదంటే ఆదా చేసిందంతా నీళ్ల కుళాయి దగ్గరే పోతుంది.

శ్రమ విభజన అనగానే ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో చెప్పిన గుండుసూదుల లెక్క ఎత్తుతారు: పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు. పని దాదాపు 18 దశలుగా విడిపోయిందని చెబుతూనే, తాను చూసిన ఆ చిన్న కార్ఖానాలో కొందరు రెండు మూడు దశలు చేసేవారని కూడా ఆయనే రాశాడు. ఈ రెండో మాట ఎవరూ ఎత్తరు. మన అయిదో మనిషి చేస్తున్నది అదే. ఇంకో తేడా కూడా ఉంది. ఆయన పోల్చింది ఆ పని అసలు రానివాడితో. అందుకే లాభం అంత కొండంతగా కనబడింది. ఇక్కడ మనం పోల్చింది పని వచ్చిన మనిషితో. అందుకే లాభం అయిదో వంతు నుంచి మూడో వంతు మధ్యలో ఆగింది. అది తక్కువేం కాదు, కానీ అద్భుతమూ కాదు.

వేగం పక్కన పెట్టి నాణ్యత చూస్తే కథ మలుపు తిరుగుతుంది. జిగట్ తక్కువైతే ఎండాక బత్తి పెచ్చులుగా రాలిపోతుంది. ఎక్కువైతే సరిగా కాలదు. నీళ్లు ఎక్కువైతే ముద్ద పుల్ల మీద నిలవక కిందికి జారి ఒక చివర లావుగా తయారవుతుంది. లోపల తడి ఉండగానే నూనెలో ముంచితే ఆ తడి లోపలే ఉండిపోయి వెలిగించాక మధ్యలో ఆరిపోతుంది, నిల్వ ఉంచితే బూజు పడుతుంది. తడి తెలుసుకోవడం తేలికే. ఒక బత్తిని మధ్యకు విరిస్తే పై పొర టక్కున పగలాలి. వంగి, ఆ తర్వాత చీలితే ఇంకా ఆరలేదన్నమాట.

అన్నీ తానే చేసుకునే మనిషి, ముద్ద పలచనైందని తన అరచేతికి తెలియగానే ఇంత పొడి చల్లుకుంటుంది. వరసలో ఆ సంగతి తెలిసేది చుట్టే చేతికి, సరిచేయాల్సింది కలిపే చెయ్యి. మధ్యలో ఎవరో నోరు తెరవాలి. “అన్నా, ముద్ద జారుతోంది, నీళ్లెక్కువ పోసినట్టున్నావు” అని చుట్టే అమ్మాయి అన్న పది నిమిషాల్లో సరిచేస్తే పోయేది కొన్ని వందలు. “నా పని చుట్టడం, నాకెందుకు” అని ఊరుకుంటే ఆ ముద్ద ఆరి, నూనెలో మునిగి, మళ్లీ ఆరి, వెలిగించి చూసే మర్నాటికో ఎల్లుండికో గానీ బయటపడదు. రోజుకు 12,000 వచ్చే వరసలో ఒకటిన్నర రోజు ఆలస్యం అంటే 18,000 బత్తీలు. విడిగా చేసే మనిషి మహా అయితే తన 2,000 పోగొట్టుకుంటుంది. అందుకే కలిపే చోటూ చుట్టే పీటా మాట వినబడేంత దగ్గరగా ఉండాలంటాను. ఈ రెంటినీ వేరే గదుల్లో పెట్టడం నా దృష్టిలో వరస వేయడంలో జరిగే అతి పెద్ద పొరపాటు.

అలాగని నాణ్యతలో వరస ఎప్పుడూ ఓడిపోతుందని కాదు. సువాసన దగ్గర అది గెలుస్తుంది. ఎంత నూనెకు ఎంత పలచబరిచే ద్రవం, ఎంతసేపు ముంచాలి అన్నది అయిదుగురు అయిదు రకాలుగా చేస్తే ఒకే పేరున్న ప్యాకెట్లలో అయిదు రకాల ఘాటు వస్తుంది. ఒకే మనిషి కొలిస్తే ఒకటే వాసన. పైగా అది అందరికీ పట్టుబడే నేర్పు కాదు. 1832లో గణితవేత్త చార్లెస్ బాబేజ్ ఎత్తి చూపిన సంగతి ఇదే: పనిని విడదీస్తే అరుదైన నేర్పును దాని అవసరం ఉన్నచోట మాత్రమే కొనుక్కోవచ్చు, మొత్తం పనికీ ఆ నేర్పున్నవాళ్లనే పెట్టుకోనక్కర్లేదు. అగరబత్తీల్లో వేగం కన్నా ఈ కారణమే బలమైనదని నాకనిపిస్తుంది.

ఆరడం మాత్రం ఎవరికీ లొంగదు. పదిమందిని పెట్టినా బత్తి తొందరగా ఆరదు. ఈరోజు చుట్టినవి రేపు ముంచుతారు కాబట్టి వరస నడవాలంటే ఒక రోజు సరుకు ఎప్పుడూ పరిచి ఉండాలి, దానికి చోటు కావాలి. ముసురు పట్టినరోజు ఆరడం రెండు రోజులైతే చోటు రెట్టింపు కావాలి. విడిగా చేసేవాళ్లకూ ఇదే ఇబ్బంది, కాకపోతే వాళ్లకు ఆ పూట చుట్టుకుంటూ పోయే వీలుంది. వరసలో ముంచే మనిషి ఖాళీ, ప్యాకింగ్ మనిషి ఖాళీ.

చుట్టే పనికి యంత్రం వస్తే ఈ లెక్కంతా మళ్లీ వేసుకోవాలి. ఒకే కదలిక పదే పదే ఉన్న పని కాబట్టి యంత్రానికి అది తేలిగ్గా అప్పగించవచ్చు. నిమిషానికి వంద చొప్పున చుట్టే యంత్రం రోజుకు 48,000 ఇస్తుంది. అప్పుడు వరసను ఆపే ఇరుకు ప్యాకింగ్ బల్ల దగ్గరికీ, అయిదో మనిషి చేసే మూడు పనుల దగ్గరికీ మారుతుంది, అన్ని బత్తీలకూ రెండు చోట్లా నలుగురేసి కావాలి. చుట్టే ముగ్గురూ అటు జరిగినా సరిపోరు.

ఇక ఆర్డర్ల సంగతి. రోజంతా ఒకే సువాసన అయితే వరసకు తిరుగులేదు. అదే అయిదు సువాసనలు, ఒక్కోటీ 2,000 కావాలంటే? సువాసన మారినప్పుడల్లా ముంచే పళ్లెం కడగాలి, పాత వాసన ఉన్న జల్లెడలు పక్కన పెట్టాలి, ప్యాకెట్లు మార్చాలి. ఒక్కో మార్పుకు ముంచే మనిషికీ ప్యాకింగ్ మనిషికీ 20 నిమిషాలు పోతాయనుకుంటే నాలుగు మార్పులకు తలా 80 నిమిషాలు. మిగిలిన 400 నిమిషాల్లో 40కి వెయ్యి చొప్పున 10,000. అటు విడివిడిగా చేసే అయిదుగురూ తలా ఒక సువాసన తీసుకుంటే మార్పే లేదు, వాళ్లవీ 10,000. సరిసమానం! ఇలాంటి రోజున నేనైతే వరసనే ఉంచి, చుట్టేవాళ్లలో ఒకరిని మధ్యాహ్నం తర్వాత ప్యాకింగ్, ముంచే పనుల వైపు పంపుతాను. అలా చేస్తే 12,400 దాకా వస్తుంది, చుట్టడం వరకు ఏ సువాసనకైనా బత్తి ఒకటే కాబట్టి అక్కడ మార్పు ఖర్చే ఉండదు. అదే సువాసనకు 500 చొప్పున ఇరవై చిన్న ఆర్డర్లు వస్తే వరస విప్పేసి, ఎవరి పీట వాళ్లకు ఇచ్చేస్తాను.