ప్రజెంటేషన్ తయారీ సేవ కొనేవారికి హెచ్చరిక: కొత్త తేదీ ఉన్న ఫైలులో పాత ధర

టెండరు సమావేశం కోసం 24 స్లైడ్ల ప్రజెంటేషన్ చేయించుకోవడానికి మేము ఒక సేవాసంస్థకు సగం సొమ్ము ముందుగా చెల్లించాము. ఇటువంటి సేవ తీసుకోబోయేవారికి ఇదే నష్టం జరగకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

మా వైపు నుంచి ఆరుగురు మార్పులు చేయవలసి ఉంది. ఆ సంస్థ మాత్రం అందరూ ఒకే ఫైలులో పనిచేసే ఏర్పాటు చేయకుండా ఎవరి ప్రతిని వారికి ఈమెయిల్‌లో పంపింది. రెండు రోజుల్లోనే `Tender_final_new.pptx`, `Tender_final2_latest.pptx` వంటి పేర్లతో ఫైళ్లు పోగుపడ్డాయి. మంగళవారం మా అకౌంట్స్ వారు ఐదేళ్ల నిర్వహణ ఖర్చును 4.2 లక్షల నుంచి 4.8 లక్షలకు మార్చి, 9వ, 19వ స్లైడ్లు రెండింటినీ సవరించారు. బుధవారం మా ఇంజినీరు తన దగ్గరున్న సోమవారం నాటి ప్రతిలో 19వ స్లైడులోని చార్టును సరిచేశారు. సంస్థలో ఫైళ్లను కలిపిన వ్యక్తి సేవ్ అయిన తేదీని చూసి, 19వ స్లైడును బుధవారం ఫైలు నుంచి తీసుకున్నారు. తేదీ కొత్తదే, ధర పాతది.

ఇంతకన్నా బాధ కలిగించినది కామెంట్ల సంగతి. ‘ధర మారింది, సరిచూడండి’ అని ఆ స్లైడుపై అకౌంట్స్ వారు పెట్టిన కామెంటును, అంకె మార్చకుండానే, పరిష్కారమైనట్లు గుర్తించి మూసేశారు. అందువల్ల చివరి పరిశీలనలో అది ఎవరి దృష్టికీ రాలేదు. సమావేశంలో రెండు ధరలు బయటపడగా, తక్కువ ధరకే కట్టుబడి 60 వేల రూపాయలు వదులుకున్నాము. ‘తుది ప్రతిని మీరే ఆమోదించారు కదా’ అన్నది సంస్థ ఇచ్చిన సమాధానం.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే పని ఒప్పందంలో ఈ మాటలు రాయించుకోండి. ఫైలు వన్‌డ్రైవ్ వంటి చోట ఒక్కటే ఉండాలి, లింకు మాత్రమే పంపాలి. అప్పుడు పాత ప్రతులు వెర్షన్ హిస్టరీలో దొరుకుతాయి. బయటకు పంపే ప్రతికి మాత్రం `2025-03-12_Tender_v07.pptx` లాగా సంవత్సరం ముందు వచ్చే పేరు పెట్టాలి, అలా పెడితే ఫైళ్లు వరుసలో నిలుస్తాయి. పవర్‌పాయింట్‌లో స్లైడ్లను సెక్షన్లుగా విడదీసి, ప్రతి సెక్షన్ పేరులోనే దాని బాధ్యుడి పేరు రాయాలి. సెక్షన్ దేనికీ తాళం వేయదు, ఇతరులు కూడా మార్చగలరు. అయితే ఏ అంకె ఎవరిని అడగాలో అందరికీ తెలుస్తుంది. కామెంటును పెట్టినవారే మూయాలి. మిగిలిన సగం సొమ్ము, ప్రతి బాధ్యుడూ తన సెక్షన్‌ను చివరి ఫైలులోనే చూసి సరేనన్న తరువాతే చెల్లించాలి.