రహస్య పదమా, తిరిగి ఫోన్ చేయడమా: నకిలీ గొంతును పట్టుకోవడానికి ఏది మేలు?

బాగా తెలిసిన మనిషి గొంతుతో ఎవరో డబ్బు అడిగినప్పుడు, ముందుగా అనుకున్న రహస్య పదం చెప్పమనడం మేలా, ఆ ఫోన్ పెట్టేసి మన దగ్గరున్న నంబరుకు మనమే చేయడం మేలా అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. మా ఇంట్లో రెండూ కొన్ని నెలలు పాటించి చూశాక, నేను రెండో పద్ధతి వైపే మొగ్గుతున్నాను.

అందుకు కారణం 2024 ఫిబ్రవరిలో హాంకాంగ్ పోలీసులు వెల్లడించిన ఒక కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. అరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరికి, బ్రిటన్‌లోని ఆర్థిక విభాగాధిపతి పేరుతో, రహస్యంగా డబ్బు బదిలీ చేయాలని సందేశం వచ్చింది. ఆ ఉద్యోగికి మొదట అనుమానం కలిగింది. కానీ తర్వాత జరిగిన వీడియో సమావేశంలో ఆ అధికారితో పాటు పరిచయమున్న సహోద్యోగుల ముఖాలు కూడా కనిపించి, తెలిసిన గొంతులే వినిపించడంతో అనుమానం తీరిపోయింది. అక్కడున్నవారిలో ఆ ఉద్యోగి తప్ప అందరూ నకిలీలే. 15 విడతల్లో, 5 ఖాతాలకు, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు వెళ్లిపోయాయి. అనుమానించకపోవడం అక్కడ జరిగిన పొరపాటు కాదు. మోసగాళ్లు ఏర్పాటు చేసిన దారిలోనే ఆ అనుమానాన్ని తీర్చుకోవడం పొరపాటు. తెలిసిన నంబరుకు విడిగా ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ సమావేశం ఎంత సహజంగా కనిపించినా మోసగాళ్లకు ప్రయోజనం ఉండేది కాదు.

తిరిగి ఫోన్ చేయడంలో ఉన్న బలం అదే. గొంతు ఎంత బాగా కుదిరిందో మన చెవి తేల్చనక్కరలేదు. అయితే దాన్ని సరిగా చేయాలి. తెరపై తెలిసిన పేరే కనిపించినా నమ్మకూడదు, ఎందుకంటే ఫోన్ చేసేవారి నంబరును నకిలీగా చూపించవచ్చు. వచ్చిన కాల్‌ను పూర్తిగా ముగించి, మన ఫోన్‌లో ఎప్పటినుంచో ఉన్న నంబరును మనమే ఎంచుకుని చేయాలి. పిలుపు వాట్సాప్‌లో వచ్చి ఉంటే తిరిగి వాట్సాప్‌లో కాకుండా మామూలు ఫోన్ కాల్ చేయాలి, ఆ ఖాతాయే ఇతరుల చేతిలో ఉండవచ్చు కనుక. “నా ఫోన్ పగిలిపోయింది, ఈ కొత్త నంబరుకే చెయ్యి” అని అవతలివారు అన్నా, ముందు పాత నంబరుకే ప్రయత్నించాలి. ఆ పగిలిన ఫోన్‌ను అసలు మనిషే ఎత్తి “ఏంటి, ఈ వేళప్పుడు చేశావు?” అని అడిగితే విషయం అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ మనిషి నంబరునే మోసగాళ్లు తమ చేతిలోని సిమ్‌కు మార్పించుకున్న అరుదైన సందర్భంలో మాత్రం ఈ పద్ధతి కూడా విఫలమవుతుంది.

రహస్య పదాన్ని నేను తీసిపారేయడం లేదు. నంబరు కలవనప్పుడు ఉపయోగపడేది అదే. దాని చిక్కు జ్ఞాపకంతో. మేము అనుకున్న పదాన్ని నాలుగు నెలల తర్వాత అడిగితే మా అమ్మ ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది. పైగా “దేనితోనో మొదలవుతుంది, కాస్త చెప్పు” అని అడిగింది. సరిగ్గా ఆ మాటే మోసగాడూ అంటాడు, మనం జాలిపడి మొదటి అక్షరం అందించేస్తాం. పదం పెట్టుకునేవారు దాన్ని ఎదురుగా కూర్చుని మాత్రమే చెప్పుకోవాలి, సందేశంలో పంపకూడదు, పెంపుడు జంతువు పేరులా ఆన్‌లైన్‌లో దొరికేది ఎంచుకోకూడదు.

ఇద్దరికే తెలిసిన విషయం అడగడం పదం కన్నా సులువు, ముందస్తు ఏర్పాటు అక్కరలేదు. 2024లో ఫెరారీ సంస్థ అధిపతి గొంతును అనుకరించిన వ్యక్తిని, కొద్దిరోజుల క్రితం మీరు నాకు సూచించిన పుస్తకం ఏదని ఒక అధికారి అడగగానే కాల్ ఆగిపోయింది. పుట్టినరోజు, చదివిన బడి వంటివి ఎవరైనా వెతికి పట్టుకోగలరు కాబట్టి, ఎక్కడా రాయని ఇటీవలి సంగతే అడగాలి.

వీడియోలో ముఖం ముందు చెయ్యి ఆడించమనడం, పక్కకు తిరగమనడం ఒకప్పుడు పనిచేసేవి. ఇప్పుడు ముఖం చెదరనంత మాత్రాన నిజమని అనుకోలేము. నకిలీని గుర్తిస్తామనే యాప్‌ల తీర్పు మీద డబ్బు పంపే నిర్ణయాన్ని నేను వదలను.

మా ఇంట్లో ఇప్పుడు పాటించే వరుస ఇది: ముందు పాత నంబరుకు ఫోన్, అది కలవకపోతే ఆ మనిషి పక్కన ఉండే అవకాశమున్న మరొకరికి ఫోన్, ఆ తర్వాతే రహస్య పదం. మూడూ కుదరకపోతే, అవతల ఏడుపు వినిపిస్తున్నా సరే, డబ్బు పంపడం ఆపుతాము. పదాన్ని మాత్రం నెలకొకసారి భోజనాల దగ్గర అమ్మను అడుగుతున్నాను. పోయిన రెండుసార్లూ తడుముకోకుండా చెప్పింది.