తొడ ఎముకకు ప్లేటా, రాడ్డా?

మా అక్కవాళ్లది కనిగిరి దగ్గర పల్లె. 14 ఏళ్ల కూతురి తొడ వంకర తిరుగుతుంటే అందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అన్నారు. ఫ్లోరోసిస్‌లో ఎముకలు సాధారణంగా ఎక్స్‌రేలో మరీ తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. ఈ పిల్లకి తొడ ఎముక పైభాగం గొడుగు పిడిలా వంగి, లోపల బాత్రూమ్ కిటికీకి పెట్టే మసక గాజులా ఉంది. డాక్టర్లు దాన్ని గ్రౌండ్ గ్లాస్ అంటారు. జబ్బు పేరు ఫైబ్రస్ డిస్‌ప్లేజియా: గట్టి ఎముక ఉండాల్సిన చోట నారలాంటి కణజాలం పెరుగుతుంది.

మొదటిసారి విరిగినప్పుడు ప్లేటు వేశారు. ప్లేటు సులువైన ఆపరేషనే, కానీ మెత్తటి ఎముకలో స్క్రూలకు పట్టు దొరకదు. రెండేళ్లకు చివరి స్క్రూ కిందే మళ్లీ విరిగింది. రాడ్డయితే ఎముక లోపల పొడవునా ఉండి బరువును పంచుకుంటుంది, తుంటి దగ్గర తొడ ఎముక మెడలోకి కూడా స్క్రూ పోతుంది. వంపు ఉంటే ముందు ఎముకను కోసి సరిచేయాలి, రక్తం ఎక్కువే పోతుంది. అయినా ఇలాంటి తొడకు నా ఓటు రాడ్డుకే.

అయితే రాడ్డు కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. పిల్ల వీపు మీద ఒక పక్కనే, అంచులు గరుకుగా ఉన్న గోధుమరంగు మచ్చ. ఆరేళ్లకే నెలసరి. రెండూ కలిస్తే మెక్‌క్యూన్ ఆల్‌బ్రైట్ సిండ్రోమ్, అంటే ఎముకతో పాటు చర్మం, హార్మోన్లు కూడా దెబ్బతినే జబ్బు. థైరాయిడ్, గ్రోత్ హార్మోన్‌తో పాటు రక్తంలో ఫాస్ఫేట్ చూడమన్నారు. అది తక్కువగా వచ్చింది. ఫాస్ఫేట్ తక్కువైతే ఎముక ఇంకా మెత్తబడి, విరిగే ప్రమాదం పెరుగుతుంది. ఫాస్ఫేట్, కాల్సిట్రయాల్ అనే ఒక రకం విటమిన్ డి మందులతో దాన్ని సరిచేశాకే రాడ్డు వేశారు.