వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా ఆట ఆగకూడదంటే ఏది మేలు: వెబ్‌సాకెట్టా, యూడీపీనా, క్విక్కా?

మాది ఫోన్లో ఆడే కబడ్డీ గేమ్. సర్వర్ ముంబైలో ఉంది, ఆడేవాళ్లు ఎక్కువగా నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లలు. ఇంట్లో వైఫై మీద మొదలుపెట్టి, కూత మధ్యలో ఉండగానే ఫోన్ పట్టుకుని వీధిలోకి వచ్చేస్తారు. మాగుంట లేఔట్ తమ్ముడొకడు ఫోన్ చేసి "అన్నా, గేటు దాటంగానే మా రైడర్ నిలబడిపోతా ఉండాడు, ఎదుటోళ్లు వచ్చి పట్టేస్తా ఉండారు" అన్నాడు. రైడ్ అంతా కలిపి 30 సెకన్లే, అందులో 5 సెకన్లు బొమ్మ కదలకపోతే ఆ పాయింట్ పోయినట్టే.

ముందు అసలేం జరుగుతుందో చూద్దాం. టీసీపీ కనెక్షన్‌ని సర్వర్ గుర్తుపట్టేది రెండు వైపుల ఐపీ అడ్రస్‌లు, పోర్టులతోనే. వైఫై వదిలి డేటాకి వస్తే మన అడ్రస్ మారిపోతుంది కాబట్టి పాత కనెక్షన్ అక్కడికే సచ్చిపోయినట్టు. కానీ ఆ సంగతి సర్వర్‌కి ఎవరూ చెప్పరు. జవాబు రాని ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది, లైనక్స్ మామూలు సెట్టింగ్‌లో అయితే దాదాపు 15 నిమిషాల తర్వాతగానీ ఆశ వదులుకోదు. వెబ్‌సాకెట్ నడిచేది దీని మీదే. కాబట్టి వెబ్‌సాకెట్‌తో చేస్తే కొత్త నెట్‌వర్క్ మీద మళ్లీ మొదట్నుంచి కనెక్ట్ అయ్యి, "నేను ఫలానా మ్యాచ్‌లో ఫలానా ఆటగాడిని" అని టోకెన్ చూపించి లోపలికి రావాలి.

దీనికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసి చూడండి. 4జీ మీద ముంబై దాకా పోయి రావడానికి 80 మిల్లీసెకన్లు అనుకుందాం. టీసీపీకి ఒకసారి, టీఎల్ఎస్ 1.3కి ఒకసారి, వెబ్‌సాకెట్‌గా మారడానికి ఒకసారి, టోకెన్‌కి ఒకసారి, మొత్తం నాలుగుసార్లు పోయి రావాలి, అంటే 320. అదే యూడీపీ మీద సొంతంగా రాసుకుంటే ఒక్కసారి పోయి వస్తే చాలు, 80. తేడా పావు సెకను కూడా లేదు. మరి తమ్ముడి రైడర్ 5 సెకన్లు ఎందుకు నిలబడ్డాడు? వైఫై పోయిందని తెలుసుకోవడానికే ఆ టైమంతా పోయింది. గేటు దగ్గర సిగ్నల్ ఒక్క గీత ఉంటుంది, ఫోన్ ఇంకా వైఫైలోనే ఉన్నానని అనుకుంటుంది, ప్యాకెట్లు మాత్రం చేరవు. ఏ ప్రోటోకాల్ తీసుకున్నా ఈ టైమ్ దానంతటది తగ్గదు, అందుకే ముందు దీన్ని సరిచేసి తర్వాత ప్రోటోకాల్ గురించి ఆలోచించమంటాను.

సరిచేయడం ఎలాగంటే, సర్వర్ సెకనుకి 20 సార్లు ఆట పరిస్థితి పంపుతుంటే, 500 మిల్లీసెకన్లు ఏమీ రాలేదంటే వరసగా 10 పోయాయన్నమాట, అక్కడే అనుమానపడాలి. ఫోన్ చెప్పేదాకా కూర్చోకూడదు. ఆండ్రాయిడ్‌లో మ్యాచ్ మొదలైనప్పుడే మొబైల్ డేటాని కూడా సిద్ధంగా ఉంచమని అడగొచ్చు:

```kotlin
val req = NetworkRequest.Builder()
    .addTransportType(NetworkCapabilities.TRANSPORT_CELLULAR)
    .addCapability(NetworkCapabilities.NET_CAPABILITY_INTERNET)
    .build()
cm.requestNetwork(req, callback)
```

`onAvailable` లో వచ్చిన నెట్‌వర్క్‌కి కొత్త సాకెట్ తెరిచి `network.bindSocket` తో కట్టేయాలి, పాత సాకెట్ దానంతటది మారుతుందని నమ్ముకోకండి. దీనికి `CHANGE_NETWORK_STATE` పర్మిషన్ కావాలి. బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, అందుకని మ్యాచ్ అయిపోగానే `unregisterNetworkCallback` పిలిచి వదిలేయాలి. ఆడేవాళ్లు డేటా ఆఫ్ చేసి ఉంటే మాత్రం ఇది పనికిరాదు.

ఇప్పుడు యూడీపీ సంగతి. ఇక్కడ కనెక్షన్ అనేదే లేదు కాబట్టి ఆటగాడిని అడ్రస్‌తో కాకుండా ప్రతి ప్యాకెట్‌లో పెట్టిన సెషన్ నంబర్‌తో గుర్తుపట్టొచ్చు. ఇల్లు మారినా ఆధార్ నంబర్ మారనట్టు. కొత్త అడ్రస్ నుంచి ప్యాకెట్ వస్తే సర్వర్ జవాబులు అటు పంపడం మొదలుపెడుతుంది, అంతే. వినడానికి సులువుగానే ఉంటుంది గానీ దెబ్బతినే చోట్లు ఉన్నాయి. ఒకటి, సెషన్ నంబర్ తెలిసిన ఎవడైనా మీ ఆటగాడి స్థానంలో దూరిపోవచ్చు, అందుకని ప్రతి ప్యాకెట్‌నీ ఆ సెషన్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, తేడా వస్తే పారేయాలి. రెండోది ఇంకా చిక్కుది: వైఫై మీద ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్ ఒకటి డేటా ప్యాకెట్ తర్వాత చేరితే, సర్వర్ మళ్లీ పాత అడ్రస్‌కి తిరుగుతుంది, ఆ తర్వాత కొత్తదానికి, ఇలా ఊగుతూ ఉంటుంది. ఇప్పటిదాకా చూసిన వాటికంటే పెద్ద వరస నంబర్ ఉన్న ప్యాకెట్ వస్తేనే అడ్రస్ మార్చాలి. పైగా మార్చేముందు కొత్త అడ్రస్‌కి ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపి అది తిరిగి వస్తేనే నమ్మాలి, లేకపోతే మీ సర్వర్‌ని వాడుకుని ఇంకెవరి మీదో ప్యాకెట్లు కుమ్మరించొచ్చు.

రెడీమేడ్ లైబ్రరీ తీసుకుంటే ఒకటి చూసుకోండి. చాలామంది వాడే ఈనెట్‌లో ఆటగాడి నంబర్ ప్యాకెట్‌లోనే ఉంటుంది, అయినా అడ్రస్ కలవకపోతే ఆ ప్యాకెట్‌ని పక్కన పడేస్తుంది. యూడీపీ వాడుతున్నాం కదా అని ధైర్యంగా ఉంటే ఇక్కడ దొరికిపోతారు.

క్విక్ అంటే ఈ పనులన్నీ ముందే చేసిపెట్టిన యూడీపీ అనుకోవచ్చు. 2021లో వచ్చిన ఆర్ఎఫ్‌సి 9000లో కనెక్షన్ నంబర్, కొత్త దారిని పరీక్షించడం, పెద్ద వరస నంబర్ నియమం అన్నీ ఉన్నాయి. పోయినా పర్లేదనుకునే ప్యాకెట్లు పంపే వీలు 2022లో ఆర్ఎఫ్‌సి 9221తో వచ్చింది, కబడ్డీలో ఆటగాడి కదలికకి కావాల్సింది అదే. ఇబ్బంది ఎక్కడంటే లైబ్రరీని ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్‌కి, సర్వర్‌కి మీరే కట్టుకోవాలి, పైగా ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉండి అది ఐపీ, పోర్టు చూసి ప్యాకెట్లు పంచేదైతే, అడ్రస్ మారగానే మీ ఆటగాడి ప్యాకెట్ ఆ మ్యాచ్ గురించి ఏమీ తెలియని వేరే సర్వర్‌కి పోతుంది. ఈ చిక్కు సొంత యూడీపీకీ ఉంది. మ్యాచ్ సర్వర్ అడ్రస్‌ని నేరుగా ఫోన్‌కి ఇచ్చేస్తే పోతుంది.

మల్టీపాత్ టీసీపీ గురించి కూడా అడుగుతుంటారు. ఐఫోన్‌లో ఉంది, ఆండ్రాయిడ్ యాప్‌లకి మామూలుగా అందదు, మన ఊళ్లలో ఆడేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఆండ్రాయిడే కాబట్టి వదిలేయండి.

నా మాటైతే ఇది: పేకాట, లూడో, క్యారమ్స్ లాంటి వంతులవారీ ఆటకి వెబ్‌సాకెట్ చాలు, అర సెకనులో పసిగట్టేలా చేస్తే ఎవరికీ తేడా తెలియదు. కబడ్డీ, రేసింగ్ లాంటి వాటికి క్విక్ తీసుకోండి. లైబ్రరీ కట్టుకోవడం మీ వల్ల కాదనుకుంటే సొంత యూడీపీ, అదీ పైన చెప్పిన కాపలాలన్నీ పెట్టగలిగితేనే. ఎన్‌క్రిప్షన్ రాసే అనుభవం టీమ్‌లో లేకపోతే సొంత యూడీపీ జోలికి పోవద్దు.

ఏది తీసుకున్నా, ఆటగాడు కనపడకుండా పోయినంతసేపూ అందరి ఆటనీ ఆపకండి. ఆపితే ఓడిపోతున్నప్పుడల్లా వైఫై ఆఫ్ చేసేవాళ్లు తయారవుతారు. సర్వర్ గడియారం నడుస్తూనే ఉండాలి, ఆటగాడి సీటు మాత్రం 10 సెకన్లు ఉంచి, తిరిగి రాగానే అప్పటి పరిస్థితి మొత్తం ఒకేసారి పంపాలి.

పరీక్షించేటప్పుడు ఫోన్లో వైఫై బటన్ నొక్కి ఆఫ్ చేసి సరిపోయిందనుకోవద్దు. అప్పుడు ఫోన్‌కి వెంటనే తెలుస్తుంది, అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. రూటర్ ఆన్‌లోనే ఉంచి దానికి వచ్చే ఫైబర్ తీగ పీకండి, తర్వాత ఫోన్ పట్టుకుని ఇంట్లోంచి వీధి చివరిదాకా మెల్లగా నడవండి. రెండిట్లోనూ పాత దారిలో చివరి ప్యాకెట్ ఎప్పుడొచ్చింది, కొత్త దారిలో మొదటిది సర్వర్ ఎప్పుడు ఒప్పుకుంది అన్నది లాగ్‌లో రాసుకుని మధ్య ఖాళీ చూడండి. అది సెకను దాటుతుంటే ప్రోటోకాల్ మార్చేముందు ఆ 500 మిల్లీసెకన్ల టైమర్ నిజంగా మోగుతోందో లేదో చూడాలి.