వెండర్ మార్కుల పట్టీ: కొన్నేళ్లు వాడినంక నా రివ్యూ

మాది వరంగల్‌ల ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజ్. సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరాలు, వేబ్రిడ్జి మెయింటెనెన్స్, ఏది తీసుకోవాలన్నా కొన్నేళ్లుగా ఒకటే పద్ధతి నడుస్తుంది. ఎక్సెల్‌ల ఒక పట్టీ వేస్తం, మనకు కావాల్సిన అంశాలకు వెయిటేజీ ఇస్తం, ఒక్కో కంపెనీకి 5కు మార్కులు వేస్తం, గుణించి కూడుతం. ఇది అందరికీ తెలిసిందే, ఇంటర్నెట్‌ల టెంప్లేట్లు బోలెడు దొరుకుతయ్. నా మాట ఏందంటే ఆ పట్టీ ఒక్కటే అయితే సగం పనే, వెయిటేజీలు అటిటు కదిపి ఫస్ట్ ర్యాంక్ ఎక్కడ మారుతుందో చూసినప్పుడే దాని అసలు ఉపయోగం బయటపడతది.

స్టాక్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నప్పటి లెక్కే చెప్తా. పట్టీ దాక ముగ్గురు వచ్చిన్రు. హైదరాబాద్ కంపెనీ ఏడాదికి 90,000 అన్నది, హనుమకొండ అతను 45,000, ఇంకో ఆన్‌లైన్ కంపెనీ 60,000. ధరకు 30, మన పనికి సరిపోవుడు 30, సపోర్ట్ 20, వాడకంల సులువు 20 అని కొటేషన్లు తెరవకముందే రాసుకున్నం. ఇది ముఖ్యం, కొటేషన్ చూసినంక వెయిటేజీ రాస్తే మనసుల ఉన్నోడికే లెక్క కుదురుతది.

మార్కులు కూడా డెమో చూసి బాగుంది బాగలేదు అని వేయలే. పోయిన సీజన్ రసీదులు కొన్ని ఇచ్చి మా ముందే ఎక్కించమన్నం. అండ్ల ఒకటి కావాలనే తిరకాసుది పెట్టినం: 120 బస్తాల లాట్, రైతు మధ్యల 35 బస్తాలు తీస్కపోయిండు, మిగిలిన 85 మీద బ్యాంకు లోన్ ఉంది, ఇగ కిరాయి లెక్క ఎట్ల కడతవ్, లోన్ తీరకుండ బస్తా బయటికి పోకుండ ఎట్ల ఆపుతవ్ అని. హైదరాబాద్ వాళ్లది ఇవన్నీ తనంతట తనే చేసింది, 5 ఇచ్చినం. హనుమకొండ అతనిది కిరాయి లెక్క కట్టింది గని లోన్ సంగతి రిమార్క్‌ల చేత్తో రాయాలె, 3. మూడోదాంట్ల లాట్‌ను ముక్కలు చేసుడే లేదు, 2. సపోర్ట్‌కు వరుసగా 3, 4, 2. హనుమకొండ అతను ఫోన్ కొడితే బండేసుకొని వస్తడు మరి. సులువుకు గేటు కాడ క్లర్క్‌తోటి ఎంట్రీ కొట్టించినం, 4, 3, 4 వచ్చినయ్. ధర మార్కుకు తక్కువ ధరను వాళ్ల ధరతో భాగించి 5తో గుణించినం, అంటే 2.5, 5, 3.75.

బీ కాలంల వెయిటేజీలు, పక్క కాలాలల్ల మార్కులు పెట్టుకుంటే ఫార్ములా ఇంతే:

```
=SUMPRODUCT($B$2:$B$5,C$2:C$5)/SUM($B$2:$B$5)
```

హనుమకొండ 3.80, హైదరాబాద్ 3.65, మూడోది 2.93. మా సార్ "అయిపోయింది గదా, లోకల్ ఆయనకే ఇయ్యి" అన్నడు. అకౌంటెంట్ అన్న మాత్రం "ధరకు 30 ఎందుకు సార్, 20 చాలు, సీజన్‌ల ఒక్క లాట్ తప్పుగ పోతే అంతకంటె ఎక్కువ పోతది" అన్నడు. 20 కొట్టి చూస్తే హైదరాబాద్ ముందుకొచ్చింది. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది, మరి ఎవరి లెక్క పట్టుకోవాలె?

ఇగో ఇక్కడ కదిపి చూసుడు పనికొచ్చింది. ఇద్దరి టోటల్స్ తేడాకు ఒక సెల్ పెట్టి, Goal Seek‌ల ఆ తేడా 0 కావాలె, ధర వెయిటేజీ సెల్ మార్చు అని ఇస్తే 24 దగ్గర ఆగింది. జాగ్రత్త, అది 24 శాతం కాదు. మిగతా మూడూ అట్లనే 70 ఉన్నయ్ కాబట్టి 94ల 24, అంటే దాదాపు 25.5 శాతం. ఫార్ములాల కింద SUM తోటి భాగిస్తున్నం గదా, అందుకే మిగతావి వాటి నిష్పత్తిలనే సర్దుకుంటయ్. ఆ భాగహారం లేకుండ ఒక్క వెయిటేజీ తగ్గిస్తే టోటల్స్ అన్నీ కిందికి జారి ఇంతకుముందు వచ్చిన దాంతోటి పోల్చలేం.

ఒక్కోదాన్ని అట్లనే చూస్తే, పనికి సరిపోవుడు దాదాపు 35 శాతం దాటితే ర్యాంక్ మారుతది, సులువు 30 దాటాలె, సపోర్ట్ అయితే 6 కంటె కిందికి పోవాలె. అంటే సపోర్ట్‌కు 20 ఇయ్యాల్నా 15 ఇయ్యాల్నా అని గంటసేపు కొట్టుకునుడు వేస్ట్, దాంతోని ఏమీ మారదు. ధర, పనికి సరిపోవుడు ఈ రెంటికాడ మాత్రం అయిదు పాయింట్లకే ఫలితం తిరగబడుతుంది, మాట్లాడాల్సింది అక్కడ.

నాలుగూ ఒకేసారి కదిలితే ఎట్లుంటదో చూడనీకె అదే షీట్‌ల పక్కకు వెయ్యి వరసలు వేసి, ఒక్కో వెయిటేజీని 30 శాతం అటిటు ఊపినం:

```
=$B$2*(0.7+0.6*RAND())
```

ఇది ధరకు, మిగతా మూటికీ ఇట్లనే. వందల దాదాపు 80 సార్లు హనుమకొండ గెలిచింది, 20 సార్లు హైదరాబాద్, మూడోది ఒక్కసారి కూడా లేదు. మూడోదాన్ని పక్కన పెట్టుడు గట్టి నిర్ణయం, మొదటి ఇద్దరి మధ్య మాత్రం కాదు. RAND సెల్ ముట్టినప్పుడల్లా మారుతుంటది, ఎవరికన్నా చూపించాలంటే వాల్యూస్‌గ పేస్ట్ చేసుకోండ్రి.

మాకు బాగ కలిసొచ్చింది ఇంకోటి. వెయిటేజీ ముట్టకుండ, హైదరాబాద్ ధర ఎంతకు దిగితే సమానం అవుతదో చూసినం: 75,000. అప్పుడు ధర మార్కు 3, టోటల్ సరిగ్గ 3.80. సార్ చేతిల ఆ నంబర్ పడ్డది, ఇగ ఆయన బేరం సంగతి మార్కెట్ల ఎవరినడిగినా చెప్తరు, 72,000కు దించిండు. పట్టీల హైదరాబాద్ 3.84 అయింది, అదే తీసుకున్నం, ఇప్పటికీ అదే నడుస్తుంది. లోన్ ఉన్న బస్తాలు గేటు కాడ ఆగుతున్నయ్. సపోర్ట్‌కు 3 ఇచ్చినం గదా, అంతే ఉంది, ఫిబ్రవరి మార్చి రద్దీల ఫోన్ ఎత్తరు.

లోపాలు లేవా అంటే ఉన్నయ్, పెద్దది ధర మార్కు వేసే తీరులనే ఉంది. తక్కువ ధరతోటి పోల్చి వేస్తే ఆ తక్కువ ధర ఎవరిదన్నదే ర్యాంక్‌ను మార్చగలదు. మా మొదటి లెక్కలనే, గెలిచే అవకాశమే లేనోడు ఒకడు 30,000 కొటేషన్ ఇచ్చిండనుకోండ్రి. హనుమకొండ ధర మార్కు 5 నుంచి 3.33కు, హైదరాబాద్‌ది 2.5 నుంచి 1.67కు పడతయ్, టోటల్స్ 3.30, 3.40 అయి హైదరాబాద్ ముందుకొస్తది. ఇద్దరూ ఒక్క రూపాయి మార్చలే, మనం వెయిటేజీ మార్చలే. అందుకే ఇప్పుడు ఇంత ధరకు 5, ఇంత దాటితే 0 అని మా బడ్జెట్ చూసి కొటేషన్లకు ముందే గీత గీసుకుంటున్నం.

రెండోది, కూడే లెక్కల ఒకదాంట్ల లోటును ఇంకోటి పూడుస్తది. మన డేటా మనకు ఎక్సెల్‌ల తిరిగి ఇయ్యనన్న కంపెనీకి కూడా ధరల మార్కులు వచ్చి పైకి లేస్తది. అసొంటి షరతులకు వెయిటేజీ పెట్టొద్దు, పట్టీల ఎక్కకముందే అవును కాదు అని అడిగి, కాదన్నోళ్లను అక్కడనే తీసేయాలె. నెట్ పోయినా గేటు కాడ ఎంట్రీ నడవాలన్నది మేం అట్లనే పెట్టుకున్నం, నాలుగో కంపెనీ ఒకటి అక్కడనే ఆగిపోయింది.

చిన్న చిన్న కొనుగోళ్లకు ఇంత తతంగం అక్కర్లేదు, ప్రింటర్‌కు పట్టీ వేసుకుంటూ కూసుంటే నవ్వుతరు. ఏండ్లకేండ్లు మారలేని సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఒక పూట పెట్టొచ్చు, అండ్ల సగం ఆ రసీదుల పరీక్షకే పెట్టండ్రి, ఎందుకంటే 5కు 3 వేసిన మార్కే తప్పయితే వెయిటేజీ ఎంత కదిపినా అది పట్టుబడదు.