లైట్‌రూమ్ డీహేజ్: నల్లమల కొండల ఫొటోల మీద ఏళ్ల తరబడి వాడాక

ఎండాకాలం మధ్యాహ్నం ఫర్హాబాద్ వ్యూ పాయింట్ నుంచి ఫొటో తీస్తే నల్లమల వెనక వరసలన్నీ నీలి బూడిద రంగులో కలిసిపోతాయి. ఈ మసకను తగ్గించే డీహేజ్ స్లైడర్ ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్‌లోకి 2015లో వచ్చింది. అప్పట్నుంచీ ఇలాంటి ఫొటోలకు వాడుతూనే ఉన్నాను. మంచి పనిముట్టే, కానీ అదొక్కటే సరిపోదు.

డీహేజ్‌ని ఫొటో మొత్తానికి 40 దాకా లాగి చూడండి. కొండ తేటపడుతుంది, కానీ అంచు వెంబడి తెల్లని చార వస్తుంది. ఇలాంటి పద్ధతులు ఒక్కో చోట మసక ఎంతుందో చుట్టుపక్కల భాగాన్ని బట్టి అంచనా వేస్తాయి. దగ్గరి కొండ, దూరపు కొండ కలిసే గీత దగ్గర ఆ అంచనా తప్పుతుంది. క్లారిటీ కూడా అంతే, చుట్టుపక్కల వెలుగుతో పోల్చి తేడా పెంచుతుంది. దేవరకొండ కోట గోడల వెనక ఆకాశం ఉన్న ఫొటోలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు పని ఎక్కువగా టోన్ కర్వ్‌తోనే చేస్తాను. మసక అంటే మనకూ కొండకూ మధ్య గాలిలో చేరిన అదనపు వెలుగు. దానివల్లే దూరపు కొండ నీడలు కూడా నల్లగా కాకుండా బూడిదగా కనిపిస్తాయి. సెలెక్ట్ స్కైతో ఆకాశాన్ని పట్టుకుని, మాస్క్‌ని తిరగేసి, లీనియర్ గ్రేడియంట్‌తో ఇంటర్‌సెక్ట్ చేస్తే దగ్గరి చెట్లు పక్కకు పోయి కొండలు మాత్రం మిగులుతాయి. ఆ మాస్క్‌లో కర్వ్ ఎడమ కింది చివరను కుడివైపుకి మెల్లగా జరపాలి. కర్వ్ ఏ పిక్సెల్‌నైనా దాని సొంత వెలుగును బట్టే మారుస్తుంది, పక్కదాన్ని చూడదు. అందుకే వరసకీ వరసకీ మధ్య చార రాదు. చిట్టచివరి వరస మాత్రం పాలిపోయినట్టే ఉండనివ్వాలి, లేకపోతే దూరం పోయి కొండలన్నీ ఒకే గోడలా కనిపిస్తాయి.

ఆ తర్వాతే డీహేజ్ 10, టెక్స్చర్ 15. క్లారిటీ సున్నాలోనే. నీలం మరీ ముదిరితే శాచురేషన్ ఓ పది తగ్గిస్తాను. ఆకాశాన్ని విడిగా నల్లబరచను. సెలెక్ట్ స్కై అంచు శిఖరం మీది చెట్ల దగ్గర కచ్చితంగా పడదు, అక్కడ మళ్లీ చార మొదలవుతుంది.

చార ఉందో లేదో 100 శాతం జూమ్‌లో తెలియదు, అక్కడ కనిపించేది నాయిజ్. ఫొటో మొత్తం స్క్రీన్‌కి పట్టేలా చిన్నది చేసి, మాస్క్‌ని ఆన్, ఆఫ్ చేస్తూ శిఖర రేఖను చూస్తే వెంటనే దొరికిపోతుంది.

ఇదంతా రా ఫైల్‌తో చేసే పని. జేపెగ్‌లో ఇంత లాగితే దూరపు కొండల మీది మెత్తని రంగు మెట్లుమెట్లుగా విడిపోతుంది. పొగ పూర్తిగా కప్పేసిన వరస మాత్రం ఏ ఫైల్‌లోనూ తిరిగి రాదు. దానికి పొద్దున్నే ఇంకోసారి వెళ్లి తీయాల్సిందే.